సెప్టెంబరు 6న తగిలిన దెబ్బ 7వ తేదీకి ఎలా మారింది? స్టీవ్ బీకో మరణ పత్రాలను చదివే పద్ధతి

దక్షిణాఫ్రికాలో నల్లజాతి చైతన్య ఉద్యమాన్ని నడిపిన స్టీవ్ బీకో 1977 సెప్టెంబరు 12 రాత్రి ప్రిటోరియా జైలులో, రాతి గచ్చు మీద పరిచిన చాప మీద కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏళ్లు. ఈ తేదీ మీద ఎవరికీ ఎన్నడూ పేచీ లేదు. ప్రభుత్వం, కుటుంబం, పత్రికలు అన్నీ ఒకే తేదీ చెప్పాయి. ఇరవై ఏళ్ల పాటు తప్పుగా నమోదై ఉన్నది మరో తేదీ. ఆయన ప్రాణం తీసిన దెబ్బ తగిలిన తేదీ అది. న్యాయస్థానం రికార్డులో అది సెప్టెంబరు 7 అని ఉంది. జరిగింది సెప్టెంబరు 6న.

ఒక్క రోజు తేడా చిన్నదే అనిపించవచ్చు. కానీ ఈ హత్యను కప్పిపుచ్చిన తీరంతా ఆ ఒక్క రోజు మీదే నిలబడింది. ఒక నాయకుడి మరణాన్ని పత్రాల ఆధారంగా నిర్ధారించాలనుకునే చరిత్రకారుడు ఏ కాగితాన్ని దేనికోసం నమ్మాలో, దేనికోసం నమ్మకూడదో తెలుసుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ముందుగా ఎవరూ కాదనని వరుస చూద్దాం. 1977 ఆగస్టు 18న గ్రాహమ్స్‌టౌన్ దగ్గర రోడ్డు మీద పోలీసులు బీకో కారును ఆపి, ఆయనను, సహచరుడు పీటర్ జోన్స్‌ను అరెస్టు చేశారు. ఉగ్రవాద చట్టంలోని ఆరో సెక్షన్ కింద నిర్బంధించారు. ఆ సెక్షన్ కింద మనిషిని ఎంతకాలమైనా, లాయరు ముఖం కూడా చూపించకుండా ఉంచవచ్చు. పోర్ట్ ఎలిజబెత్‌లోని వామర్ పోలీస్ స్టేషన్‌లో ఆయనను బట్టలు లేకుండా గదిలో పెట్టారు. సెప్టెంబరు 6 ఉదయం శాన్‌లామ్ భవనంలోని 619వ నంబరు గదికి తీసుకెళ్లారు. అది భద్రతా పోలీసుల కార్యాలయం. విచారణ ఆ సాయంత్రం వరకు సాగింది. ఆ రాత్రి ఆయన చేతులకు సంకెళ్లు, కాళ్లకు గొలుసులు వేసి కిటికీ ఊచల జాలీకి కట్టి ఉంచారు. తరువాతి ఐదు రోజుల్లో ఇద్దరు ప్రభుత్వ వైద్యులు చూశారు, జైలు ఆసుపత్రికి పంపారు, మళ్లీ పోలీస్ గదికి తెచ్చారు. సెప్టెంబరు 11న నోటి వెంట నురగతో కుప్పకూలి ఉండటం చూశాక, ల్యాండ్ రోవర్ వెనుక భాగంలో నగ్నంగా పడుకోబెట్టి, వైద్య పత్రాలేవీ వెంట పంపకుండా, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ప్రిటోరియాకు తరలించారు. మరుసటి రాత్రి మరణం.

ఈ మరణం గురించి లోకానికి తెలిసిన మొదటి కథనం పత్రికల ద్వారా వచ్చింది. అది అధికారిక కథనమే. పోలీసు శాఖ మంత్రి జిమ్మీ క్రూగర్ సెప్టెంబరు 13న చేసిన ప్రకటనలో బీకో సెప్టెంబరు 5 నుంచి నిరాహార దీక్షలో ఉన్నాడని, డాక్టర్లు పరీక్షించినా ఆయనలో ఏ లోపమూ కనబడలేదని చెప్పాడు. ఆ మర్నాడు తన పార్టీ సభలో ఈ మరణం తనను ఏమాత్రం కదిలించడం లేదని అన్నాడు. వినేవాళ్లకు అర్థమైనది ఒకటే: తిండి మానేసి చనిపోయాడు.

పత్రికల్లో వచ్చిన ఇలాంటి ప్రకటన జరిగిన సంగతికి సాక్ష్యం కాదు. ప్రభుత్వం ఏ రోజున ఏం చెప్పదలచుకుందో దానికి మాత్రం తిరుగులేని సాక్ష్యం. ఆ తేడా పాటిస్తే క్రూగర్ మాట ఎంతో ఉపయోగపడుతుంది. సెప్టెంబరు 13న ప్రభుత్వం బయటపెట్టిన కథలో తల గాయం లేదు, పెనుగులాట లేదు, 7వ తేదీ ఉదయం జరిగిన సంఘటన అంటూ ఏదీ లేదు. శవపరీక్షలో మెదడు గాయం బయటపడిన తరువాతే పెనుగులాట కథ లోకానికి తెలిసింది. కొత్త కథ ఎప్పుడు బయటికొచ్చిందో తెలిస్తే అది ఎందుకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. తరువాత క్రూగర్, బీకో నిరాహార దీక్ష వల్లే చనిపోయాడని తాను ఎప్పుడూ అనలేదని వాదించాడు. పాత పత్రికలు తేదీలతో సహా నిలిచి ఉన్నాయి కాబట్టి ఆ వెనకడుగు కూడా రికార్డులోకి చేరింది.

నిరాహార దీక్ష కథను బద్దలు కొట్టింది కూడా పత్రికే. జోహన్నెస్‌బర్గ్‌లోని రాండ్ డైలీ మెయిల్ విలేకరి హెలెన్ జిల్లే, బీకోను చూసిన డాక్టర్లకు దీక్ష ఆనవాలేదీ కనిపించలేదని రాసిన వార్త అక్టోబరు 7న మొదటి పేజీలో వచ్చింది. క్రూగర్ ఫిర్యాదుతో ప్రెస్ కౌన్సిల్ హడావుడిగా విచారణ జరిపి పత్రికదే తప్పని తేల్చింది. అంటే ఆ రోజుల రికార్డు మాత్రమే చూసేవాడికి, ఆ వార్త ఒక అధికారిక సంస్థ తప్పుపట్టిన వార్తగా కనిపిస్తుంది. కొద్ది వారాల్లో మరణ విచారణలో బయటికొచ్చిన వైద్య సాక్ష్యం ఆ వార్తనే బలపరిచింది. ఒక వార్తను ఖండించారన్నంత మాత్రాన అది అబద్ధం కాదు. ఖండించింది ఎవరు, వాళ్ల చేతిలో అప్పటికి ఏ ఆధారం ఉంది అన్నదే చూడాలి.

ఇక ధ్రువీకరణ పత్రం. ఈ కేసులో అసలైన కాగితం బీకో బతికుండగా, జిల్లా ప్రభుత్వ వైద్యుడు ఐవర్ లాంగ్ ఆయనను పరీక్షించి ఇచ్చిన చిన్న సర్టిఫికెట్. అందులో ఉన్నది ఇంతే: భద్రతా పోలీసుల కర్నల్ గూసెన్ కోరిక మీద స్టీవ్ బీకోను పరీక్షించాను, ఆయన మాట్లాడటం లేదని కర్నల్ ఫిర్యాదు చేశారు, నిర్బంధితుడిలో ఏ అసాధారణతా, ఏ రోగ లక్షణమూ కనబడలేదు. కింద సంతకం, తేదీ 7/9/1977, సమయం ఉదయం 10.10.

ఈ కాగితాన్ని రెండు విధాలుగా చదవాలి. అందులో చెప్పిన విషయం ఒకటి, అది పుట్టిన పరిస్థితి మరొకటి. చెప్పిన విషయం అబద్ధమని మరణ విచారణలో స్వయంగా లాంగే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ ఉదయం ఆయన చూసినవి చిన్నవేమీ కావు: చిట్లిన పెదవి, ఛాతీ ఎముక దగ్గర కమిలిన మచ్చ, మణికట్ల చుట్టూ గుర్తులు, వాచిన చేతులు, పాదాలు, చీలమండలు, తడబడే మాట, తూలే నడక. వీటిలో ఒక్కటీ కాగితం మీదికి ఎక్కలేదు. పెదవికి గాయం ఎలా అయిందని ఆయన బీకోను అడగలేదు కూడా. నుదుటి మీద ఎడమ కంటికి పైన ఉన్న గాయం శవపరీక్ష ఫోటోల్లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాని ఊసే లేదు.

అయితే పత్రం పుట్టిన పరిస్థితి మాత్రం నిజమే చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఖైదీకి ఆరోగ్యంగా ఉన్నాడని ఒక పోలీసు అధికారి ఉదయం పది గంటలకు సర్టిఫికెట్ రాయించుకోడు. 7వ తేదీ ఉదయం 10.10 నాటికే బీకో మాట్లాడలేని స్థితిలో ఉన్నాడని, ఆ సంగతి గూసెన్‌ను కలవరపెట్టిందని, తనను కాపాడే కాగితం ఒకటి అవసరమని ఆయనకు అప్పటికే తోచిందని ఈ పత్రం రుజువు చేస్తుంది. బీకోకు పక్షవాతం వచ్చిందేమోనని భయపడి డాక్టరును పిలిచానని విచారణలో గూసెన్ చెప్పాడు. ఆ భయం సర్టిఫికెట్‌లోకి ‘మాట్లాడటం లేదు’ అనే ఫిర్యాదుగా మారి చేరింది.

తేదీ నిర్ధారణకు ఈ పత్రం ఇచ్చేది ఒక పై హద్దు మాత్రమే. దెబ్బ 7వ తేదీ ఉదయం 10.10 కంటే ముందే తగిలింది. ఎంత ముందు? ఒక గంటా, మూడు గంటలా, ఒక పగలూ రాత్రీనా? కాగితం ఆ మాట చెప్పదు. పోలీసులు జొరబడింది సరిగ్గా ఆ ఖాళీలోకే.

తరువాతి వైద్య పత్రాలు గాయం ఎంత తీవ్రమైనదో చెబుతాయి. సెప్టెంబరు 8న లాంగ్ పై అధికారి బెంజమిన్ టక్కర్ కూడా పరీక్షించాడు. అరికాలిని గీసినప్పుడు బొటనవేలు కిందికి వంగాల్సింది పోయి పైకి లేచింది. పెద్దవాళ్లలో అది మెదడుకో వెన్నుపాముకో దెబ్బ తగిలిందనడానికి గుర్తు. 9న ఒక స్పెషలిస్టు వెన్నులోంచి నీరు తీసి చూస్తే అందులో ఎర్ర రక్త కణాలు ఉన్నాయి. అయినా జైలు ఆసుపత్రి కేస్ షీటులో లాంగ్, ఆ పరీక్షలో ఏమీ తేలలేదని రాశాడు. అంటే ఒకే రోగి గురించి, ఒకే వారంలో, ప్రయోగశాల ఫలితం ఒక మాట చెబితే కేస్ షీటు ఇంకో మాట చెప్పింది. ఇలాంటప్పుడు ఖైదీని నిర్బంధించిన వాళ్లకు జవాబుదారీగా ఉన్న చేతి రాతకన్నా, ఆ ఖైదీ ఎవరో తెలియని పరీక్షశాల రాతకే విలువ ఎక్కువ.

సెప్టెంబరు 13న ప్రభుత్వ ప్రధాన పాథాలజిస్టు లౌబ్సర్ శవపరీక్ష చేశాడు. కుటుంబం తరఫున డాక్టర్ జోనాథన్ గ్లక్‌మన్ పక్కనే ఉన్నాడు. ఈ ఒక్క ఏర్పాటే కేసును నిలబెట్టింది. రెండు పక్షాల వైద్యులూ ఒకే శరీరాన్ని ఒకే సమయంలో చూశారు కాబట్టి, మరణానికి మూలం తల గాయమేనన్న దగ్గర వాళ్ల మధ్య తగాదా రాలేదు. ఆకలితో శుష్కించిన దేహం కాదది, పుష్టిగా ఉన్న మనిషి దేహం. మెదడులో విస్తారంగా గాయాలున్నాయి. ఇలాంటి గాయం తగిలిన మనిషి కొంతసేపైనా స్పృహ తప్పి ఉండాలని నిపుణులు సాక్ష్యం చెప్పారు. స్పృహ తప్పడం తాము చూడలేదని గదిలో ఉన్న పోలీసులంతా చెప్పారు. పోలీసు కథలో మొదటి పగులు అదే.

కానీ తేదీ విషయంలో పాథాలజీకి ఉన్న పరిమితిని ఒప్పుకోవాలి. గాయం మానడం మొదలైన తీరును బట్టి, సూక్ష్మదర్శినిలో కనిపించే కణాల మార్పును బట్టి దాని వయసు అంచనా వేస్తారు. గంటల వయసున్న గాయాన్ని వారం నాటి గాయం నుంచి సులువుగా వేరు చేయవచ్చు. రోజులు గడిచేకొద్దీ ఆ అంచనా వెడల్పు అవుతుంది. నుదుటి గాయం మరణానికి సుమారు నాలుగు నుంచి ఎనిమిది రోజుల ముందుదని తేలింది. సెప్టెంబరు 12 నుంచి వెనక్కి లెక్కిస్తే అది 4వ తేదీ నుంచి 8వ తేదీ దాకా ఉన్న కాలం. 6వ తేదీ అయితే ఆరు రోజులు, 7వ తేదీ అయితే ఐదు రోజులు. రెండూ ఆ కాలం మధ్యలోనే పడతాయి. ప్రపంచంలో ఎంత గొప్ప పాథాలజిస్టయినా ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచి చెప్పలేడు. పోలీసులు తేదీని ఒక రోజు జరిపితే శరీరం వాళ్లను పట్టివ్వలేదు. పది రోజులు జరిపి ఉంటే దొరికిపోయేవారు.

మరణ విచారణ 1977 నవంబరు 14న ప్రిటోరియాలోని పాత యూదు ప్రార్థనా మందిరంలో, మేజిస్ట్రేట్ మార్థినస్ ప్రిన్స్ ఎదుట మొదలైంది. ఇక్కడ మన పాఠకులు ఒక తేడా గమనించాలి. మన దగ్గర పోలీసులు చేసే శవ పంచనామా ప్రధానంగా శవం మీద కనబడే గాయాలను, పైకి తోచే మరణ కారణాన్ని రాసే కాగితం. దక్షిణాఫ్రికాలోని ఇన్‌క్వెస్ట్ బహిరంగ న్యాయస్థానంలో, సాక్షులను లాయర్లు ప్రశ్నించే విచారణ. 1959 నాటి చట్టం ప్రకారం మేజిస్ట్రేట్ చివర నాలుగు సంగతులు తేల్చాలి: చనిపోయింది ఎవరు, మరణ కారణం లేదా సంభావ్య కారణం ఏమిటి, మరణించిన తేదీ ఏది, ఎవరి చర్య వల్లనైనా లేదా నిర్లక్ష్యం వల్లనైనా నేరంగా ఆ మరణం సంభవించిందా. ఇందులో మరణించిన తేదీ ఉంది. గాయపడిన తేదీ లేదు. గాయం తేదీని విడిగా పరీక్షించి తేల్చాల్సిన బాధ్యతను చట్టం ఎవరి మీదా పెట్టలేదు.

పోలీసుల కథనం ఇది. 7వ తేదీ ఉదయం సుమారు ఏడు గంటలకు మేజర్ స్నైమన్ బృందం గదిలోకి వచ్చి బీకో సంకెళ్లు విప్పింది. ఆయన ఉన్నట్టుండి రెచ్చిపోయి కుర్చీ విసిరాడు. అందరూ కలిసి లొంగదీసే క్రమంలో తల గోడకు తగిలి ఉండవచ్చు. కుటుంబం తరఫున వాదించిన సిడ్నీ కెంట్రిడ్జ్ ఈ కథనాన్ని ముక్కలు ముక్కలు చేశాడు. తల గోడకు తగిలిందని తెలిస్తే, రెండున్నర గంటల తరువాత వచ్చిన డాక్టరుతో ఒక్కరూ ఆ మాట ఎందుకు అనలేదు? మనిషిని గంటల తరబడి గొలుసులతో కట్టి ఉంచడానికి ఏ చట్టం అధికారమిచ్చిందని అడిగితే, తాము చట్టాల ప్రకారం పనిచేయమని గూసెన్ జవాబిచ్చాడు. నిండు కోర్టులో, ప్రమాణం చేసి చెప్పిన మాట అది.

కెంట్రిడ్జ్ తన ముగింపు వాదనలో, 619వ నంబరు గదిలో బీకో ఎవరి కస్టడీలో ఉన్నాడో ఆ ఎనిమిది మంది భద్రతా పోలీసుల్లో ఒకరో కొందరో ‘సెప్టెంబరు 6న గానీ 7న గానీ’ చేసిన దాడి వల్లే మరణం సంభవించిందన్నది ఒక్కటే సాధ్యమైన తీర్పు అని చెప్పాడు. ఆ ‘గానీ’ నాకు ఈ మొత్తం కేసులో అత్యంత నిజాయితీగల మాటగా కనిపిస్తుంది. చేతిలో ఉన్న సాక్ష్యం అంతవరకే తీసుకెళ్తుంది. అంతకు మించి ఒక్క అంగుళం కూడా ఆయన ముందుకు వెళ్లలేదు. దెబ్బ కాలాన్ని ఒక వ్యవధిగా ఉంచాడు, బాధ్యతను మాత్రం కచ్చితంగా చెప్పాడు.

మేజిస్ట్రేట్ సరిగ్గా దీనికి విరుద్ధంగా చేశాడు. డిసెంబరు 2న కొద్ది నిమిషాల్లో చదివి ముగించిన నిర్ణయంలో, తల గాయం, దానివల్ల మెదడుకు జరిగిన విస్తారమైన హాని, ఆపైన రక్త ప్రసరణ, మూత్రపిండాల వైఫల్యం మరణానికి కారణమన్నాడు. ఆ గాయం బహుశా సెప్టెంబరు 7న భద్రతా పోలీసుల కార్యాలయంలో జరిగిన పెనుగులాటలో తగిలిందన్నాడు. ఎవరైనా నేరం చేసినట్టు అందుబాటులో ఉన్న సాక్ష్యం రుజువు చేయడం లేదన్నాడు. తేదీ కచ్చితంగా ఉంది, బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు. ఆ తేదీకి ఆధారం నిందితులుగా నిలబడాల్సిన వాళ్ల మాట తప్ప మరొకటి లేదు. ‘బహుశా’ అన్న మాట చేర్చి అయినా ఆ తేదీ కోర్టు నిర్ణయంలోకి ఎక్కింది. ఆ తరువాత దాన్ని ఉటంకించిన వాళ్లలో చాలామంది ఆ ‘బహుశా’ను వదిలేశారు. అనుమానంగా రాసిన తేదీ నిర్ధారిత తేదీగా మారడం పత్రాల ప్రపంచంలో ఇలాగే జరుగుతుంది.

నిజం బయటపడటానికి వర్ణవివక్ష పాలన కూలవలసి వచ్చింది. 1997లో, ఆ పాలన నాటి నేరాలను విచారించిన సత్య, సమన్వయ కమిషన్ ముందు స్నైమన్, సీబర్ట్, మార్క్స్, బెనెకె, న్యూవుట్ అనే ఐదుగురు మాజీ పోలీసులు క్షమాభిక్ష కోరారు. పెనుగులాట జరిగింది 6వ తేదీనే, 7న కాదు అని అక్కడ ఒప్పుకున్నారు. అనుమతి లేకుండా కుర్చీలో కూర్చున్న బీకోను లేవమంటే లేవలేదని, ఘర్షణలో తల గోడకు తగిలిందని, అంతటి దెబ్బ తగిలి మైకంలో ఉన్న మనిషిని జాలీకి గొలుసులతో కట్టేశామని చెప్పారు. గూసెన్‌తో కలిసి తేదీ మార్చి, మరణ విచారణలో ప్రమాణం చేసి అబద్ధం చెప్పామన్నారు.

తేదీ ఎందుకు మార్చారన్నది లాంగ్ సర్టిఫికెట్ పక్కన పెట్టి చూస్తే వెంటనే తెలుస్తుంది. డాక్టరు రావడం 7వ తేదీ ఉదయం అని కాగితం మీద ఉంది, దాన్ని మార్చలేరు. దెబ్బ 6న తగిలిందని చెబితే, తలకు దెబ్బ తగిలిన మనిషిని రాత్రంతా గొలుసులతో కట్టి, వైద్యం లేకుండా వదిలేశారని తేలుతుంది. దెబ్బ 7వ తేదీ ఉదయం ఏడింటికి తగిలిందని చెబితే, వెంటనే డాక్టరును పిలిపించిన బాధ్యతగల అధికారులుగా కనిపిస్తారు. కదలని తేదీ ఒకటి ఉన్నప్పుడు, కదిలే తేదీని దాని దగ్గరికి జరిపారు. పత్రాలను పరిశీలించే ఎవరైనా వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఈ వరుసలో ఏ తేదీకి స్వతంత్రమైన రాత ఆధారం ఉంది, ఏ తేదీ కేవలం ఆ ఆధారానికి అనుకూలంగా వచ్చి కూర్చుంది? 1977లోనే ఈ ప్రశ్న వేసి ఉంటే, 7వ తేదీ ఉదయం ఏడు గంటలకు ఆధారంగా నిలిచేది ఆ పోలీసులు స్వయంగా రాసినవీ, చెప్పినవీ తప్ప మరొకటి లేదని అప్పుడే తేలేది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తేదీ గురించి వాళ్లు ఒప్పుకున్నదాన్ని నమ్మినంత మాత్రాన, దెబ్బ తగిలిన తీరు గురించి చెప్పినదంతా నమ్మాలని లేదు. తేదీ ఒప్పుకోలు వాళ్లకు నష్టం కలిగించేది, ఒక రాత్రి వైద్యం అందించలేదన్న నేరాన్ని మీదికి తెచ్చేది. తనకు హాని చేసే మాట చెప్పిన సాక్షిని ఆ మేరకు నమ్మవచ్చు. తల గోడకు ప్రమాదవశాత్తు తగిలిందన్న మాట మాత్రం ఇప్పటికీ వాళ్లకు మేలు చేసేదే. 1999 ఫిబ్రవరి 16న కమిషన్ వాళ్లకు క్షమాభిక్ష నిరాకరించింది. 2003లో న్యాయ శాఖ, సాక్ష్యం చాలదని, దాడి అభియోగానికి గడువు దాటిపోయిందని చెప్పి ప్రాసిక్యూషన్ ఉండదని ప్రకటించింది. గడువు లెక్కకు మూలం మళ్లీ అదే సెప్టెంబరు 1977.

వైద్యుల విషయంలో కాగితాలు కొంచెం మెరుగైన ఫలితమే ఇచ్చాయి. మొదట వైద్య మండలి చర్య అక్కర్లేదంది. కొందరు వైద్యులు కోర్టుకెక్కి గెలిచాకే 1985లో విచారణ జరిగింది. లాంగ్‌ను తప్పుపట్టి మందలించారు. టక్కర్ పేరును అదే ఏడాది వైద్యుల రిజిస్టరు నుంచి తొలగించారు. వాళ్లను పట్టిచ్చింది ఎవరి ఒప్పుకోలూ కాదు. సర్టిఫికెట్‌నూ, కేస్ షీటునూ, ప్రయోగశాల ఫలితాన్నీ, శవపరీక్ష నివేదికనూ పక్కపక్కన పెట్టి చదివితే తేడా దానంతటదే కనబడింది.

2025 సెప్టెంబరు 12న, బీకో మరణించి సరిగ్గా 48 ఏళ్లు నిండిన రోజున, దక్షిణాఫ్రికా ప్రాసిక్యూషన్ సంస్థ ఆ మరణ విచారణను తిరిగి తెరిపించింది. ఇప్పుడది పోర్ట్ ఎలిజబెత్‌లో, అంటే నేటి గెబెర్హాలో, హైకోర్టు ముందు ఉంది. గూసెన్ లేడు, 619వ నంబరు గదిలో ఉన్నవారిలో పలువురు లేరు. కానీ 10.10 సమయం వేసిన సర్టిఫికెట్ ఉంది, లౌబ్సర్ నివేదిక ఉంది, 1977 సాక్ష్యాల పూర్తి ప్రతి ఉంది, 1997లో ఆ ఐదుగురు ఇచ్చిన వాంగ్మూలాలు ఉన్నాయి. మార్థినస్ ప్రిన్స్ రాసిన ‘బహుశా సెప్టెంబరు 7’ అన్న వాక్యాన్ని న్యాయస్థానం చేత్తోనే సవరించే అవకాశం ఇన్నేళ్లకు ఇప్పుడు వచ్చింది.